వెనక్కి చూసే సుక్రు

పనసగుడ సుక్రు మెడ ఇంకా అరిగిపోకుండా ఎలా ఉందో ఎవరికీ అర్థం కాదు. వయసు ముప్పై దాటిందో లేదో, ఒంట్లో ఏ రోగమూ లేదు, కాఫీ తోటలో చకచకా కొండెక్కే మనిషి. కానీ నాలుగడుగులు వేశాడంటే ఒకసారి వెనక్కి తిరిగి చూడాల్సిందే. వెనకాల ఎవరూ ఉండరు. ఎవరూ లేరని తేల్చుకున్నాక మళ్ళీ నాలుగడుగులు వేస్తాడు.

ఆ గుణం తండ్రి పెట్టింది. ముసలాయన పసుపూ మిరియాలూ మోసుకుని అరకు సంతకు దిగినప్పుడల్లా చిన్న సుక్రుని షావుకారు పక్కన నిలబెట్టేవాడు. తక్కెడ పట్టుకున్న షావుకారు చిటికెన వేలు ఎక్కడుందో చూస్తూ ఉండడమే సుక్రు పని. అలా వేళ్ళు చూస్తూ పెరిగినవాడు మనుషుల ముఖాలు చూడడం ఎప్పుడు నేర్చుకుంటాడు చెప్పండి? ఇంట్లో కూడా అంతే, కూర గిన్నె మూత తీసి చూసిగానీ కంచం ముందు కూర్చోడు.

"కట్టుకున్నదాన్ని, నామీద కూడా అనుమానమేటి నీకు?" అంటుంది పెళ్ళాం నిర్మల.

"అనుమానం కాదే, సూత్తన్నానంతే," అంటాడు.

క్రికెట్లో కీపింగ్ పట్టింది కూడా అందుకే. వికెట్ల వెనక నిలబడితే మైదానం మొత్తం కళ్ళముందే ఉంటుంది, తన వెనక మాత్రం ఎవడూ ఉండడు. అంతకంటే సుఖమైన చోటు ఈ లోకంలో ఇంకెక్కడ దొరుకుతుంది? జట్టుకు కెప్టెన్ కూడా అతనే.

పనసగుడ మైదానం అంటే పెద్దగా ఊహించుకోకండి. కోత అయిపోయిన వరి మడి, అంతే. ఒక పక్క కొండ, ఇంకో పక్క మెట్లు మెట్లుగా కిందికి దిగిపోయే మడులు, అట్టడుగున పారే గెడ్డ. బంతి గెడ్డలో పడిందంటే దిగి వెతికి తెచ్చేసరికి ఆట మీద ఉత్సాహం చచ్చిపోతుంది. అందుకని తాతల నాటి చట్టంలా ఒక నియమం పెట్టుకున్నారు. గెడ్డలో కొడితే సిక్స్ కాదు, ఔట్. కొట్టినవాడే దిగి బంతి తేవాలి. ఈ నియమం మధ్య పెరిగినవాళ్ళకు బంతిని గాల్లోకి లేపడమంటే భయం. నేలబారుగా ఖాళీలోకి నెట్టి పరిగెత్తడం ఒక్కటే వచ్చు. ఒకటి వచ్చే చోట రెండు లాగుతారు. కొండెక్కి దిగే కాళ్ళు కదా, అలుపు లేదు.

ఇలా ఒకటీ రెండూ కూడబెట్టుకునే జట్టుకు ప్రాణం పిలుపు. బంతి కొట్టినవాడి ముందుకు వెళ్తే పరుగుకు పిలవాల్సింది కొట్టినవాడు. బంతి అతని వెనక్కి వెళ్తే పిలవాల్సింది అవతలి గట్టున, అంటే బౌలర్ వైపు వికెట్ల దగ్గర నిలబడ్డవాడు, ఎందుకంటే అప్పుడు బంతి కనిపించేది అతనికే. పిలిస్తే రావాలి, వద్దంటే ఆగాలి, మధ్యలో ఆలోచన పనికిరాదు. సుక్రు తమ్ముడు బుధు పిలుపంటే జట్టంతటికీ గురి. ఒక్క సుక్రుకే కుదరదు. బుధు రమ్మని అరిచినా సరే, బంతి ఎక్కడుందో తన కళ్ళతో చూసుకుంటే తప్ప మనసు ఒప్పదు. సగం దారిలో మెడ వెనక్కి తిరుగుతుంది.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు వంశీ. అసలు గొడవంతా ఈ వంశీతోనే.

వంశీ పనసగుడవాడు కాదు. అరకు బజార్లో కాఫీ, మిరియాలు, రాజ్మా కొనే షావుకారు లక్ష్మీప్రసాద్ కొడుకు. కింద మైదాన ప్రాంతం నుంచి వచ్చి సంతలో స్థిరపడ్డ కుటుంబం. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా మాట్లాడే కుర్రాడు, స్పిన్ బాగా వేస్తాడు. బజారు జట్టులో ఫాస్ట్ వేసేవాళ్ళకే మర్యాద, ఇతనికి ఓవర్ ఇచ్చేవాళ్ళు కాదు. ఒకరోజు తండ్రి వ్యానులో సరుకు కోసం పనసగుడ వచ్చి, మడిలో ఆట చూసి, రెండు బంతులు వేస్తానని అడిగాడు. ఆ రెండు బంతులకూ బుధు బ్యాటు గాలిలోనే తిరిగింది. అప్పటి నుంచి వంశీ పనసగుడ జట్టే.

కుర్రాళ్ళందరికీ సంతోషం. సుక్రుకి మాత్రం నిద్ర కరువైంది. షావుకారు కొడుకు వాళ్ళ బజారు జట్టు వదులుకుని కొండెక్కి మన దగ్గరికెందుకు వచ్చాడు? తండ్రి వేలు తక్కెడ మీద, కొడుకు వేలు మన బంతి మీద.

ఒకరోజు ఆట అయ్యాక వంశీ దగ్గరికొచ్చాడు. "సుక్రన్నా, ఒక మాట సెప్తాను, కోపం తెచ్చుకోకు. బంతి నీ ఎనకాలకి పోతే బుధు పిలుపు మీద తల దించుకుని ఒచ్చీడమే. నువ్వు తిరిగి సూసేసరికి ఒక అంగ ఎనకబడిపోతన్నావు."

"నాను సూడకపోతే నీకేటి లాభం?" అన్నాడు సుక్రు.

వంశీ అర్థం కాక కళ్ళజోడు సర్దుకున్నాడు. "నాకేటుంటాదన్నా, మనకే."

ఆ 'మనకే' అన్న మాట సుక్రుకి అస్సలు నచ్చలేదు. చూడొద్దని చెప్పేవాడి దగ్గరే చూడాల్సింది ఏదో ఉంటుందని అతని నమ్మకం. ఆ రోజు నుంచి ఒకసారి చూసేచోట రెండుసార్లు చూడ్డం మొదలుపెట్టాడు.

మాఘమాసంలో, కాఫీ పళ్ళు ఎండి గోతాల్లోకి ఎక్కాక, అరకులో టోర్నమెంట్ పెట్టారు. ఎనిమిది ఓవర్ల ఆట, బరువు టెన్నిస్ బంతి. పనసగుడ పేరు చెబితే నవ్వినవాళ్ళే ఎక్కువ. సిక్స్ కొట్టడం రాని జట్టు ఎక్కడైనా ఉంటుందా అని. కానీ నవ్వినవాళ్ళే ఒక్కొక్కరుగా ఇంటిదారి పట్టారు. వంశీ బంతులకు ముందుకొచ్చి కొట్టబోయి స్టంపౌట్ అయ్యేవాళ్ళు కొందరు, ఒకటీ రెండూ ఆపలేక అలిసిపోయినవాళ్ళు కొందరు.

ఇక్కడ అంపైర్ల సంగతి చెప్పాలి, లేకపోతే కథ నడవదు. మా వైపు ఆటలకు బయటి అంపైర్లు ఎవరొస్తారు? బ్యాటింగ్ చేసే జట్టులోంచే ఇద్దరు నిలబడతారు. ఒకడు బౌలర్ వైపు, ఇంకొకడు పక్కన, స్క్వేర్‌లెగ్‌లో. బ్యాట్స్‌మన్ ఉన్న గట్టున రనౌటైనా స్టంపౌటైనా చెప్పాల్సింది ఆ పక్కవాడే. తన జట్టువాణ్ణి తనే ఔటివ్వాలన్నమాట. ఎవడిస్తాడు? కాలు గీతకు బారెడు దూరంలో ఉన్నా నాటౌటే. అవతలి జట్టు తిడుతుంది, మళ్ళీ తమ వంతు వచ్చినప్పుడు తామూ అదే చేస్తుంది. అదొక ఆనవాయితీ అయిపోయింది. సెమీఫైనల్లో సుక్రు స్వయంగా అంపైరుగా నిలబడి, బ్యాటు నిడివంత దూరంలో ఔటైన బుధుని నాటౌట్ అన్నాడు. జట్టంతా పగలబడి నవ్వింది. వంశీ ఒక్కడే నవ్వలేదు.

ఆట రోజుల్లో వంశీ రాత్రికి జట్టుతోపాటు పనసగుడ వచ్చేసేవాడు. ఆ తిరుగు దారిలో జీపులో మెల్లిగా అన్నాడు, "బుధు ఔటు కదన్నా."

"అయితే?"

"ఏటీనేదు."

ఏమీ లేనివాడు అలా ఎందుకు అడుగుతాడు? సుక్రు దారి పొడుగునా వంశీ వేళ్ళే చూస్తూ కూర్చున్నాడు.

ఫైనల్ బజారు జట్టుతో పడింది. అంటే వంశీ సొంత వీధి వాళ్ళతో. ఆటకు ముందురోజు సుక్రు నిర్మలతో కలిసి సంతకు దిగాడు. టీ కొట్టు వెనకాల బజారు జట్టు కెప్టెన్ రవికుమార్, వంశీ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. చివర్లో ఇద్దరూ చేతులు కలిపారు. సుక్రు నిర్మల మోచెయ్యి పట్టుకుని లాగాడు.

"సూసినావా? అమ్మీసినాడు మనల్ని."

"ఏటి అమ్మినాడు?" అంది నిర్మల. "అడగరాదేటి దగ్గరికెళ్ళి?"

"అడిగితే నిజం సెప్తాడేటి?"

వంశీని ఫైనల్లో పక్కన పెడదామని బుధుతో అన్నాడు. బుధు వినలేదు. వంశీ లేకపోతే వికెట్లు తీసేదెవరని అడిగాడు. సుక్రు ఆ మాట వదిలేశాడు. కానీ మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాడు. రేపు కప్పు పోయి, ఆ పోవడంలో వంశీ చెయ్యి ఉందని తేలిందా, వాడు మళ్ళీ పనసగుడ మడిలో కాలు పెట్టడు. ఏళ్ళ తరబడి నవ్వులపాలైన ఊరికి మొదటిసారి ఒక కప్పు చేతికందే దూరంలో ఉంది. దాన్ని షావుకారు కొడుకు తీసుకెళ్ళి షావుకార్లకు ఇచ్చేస్తే ఎలా ఊరుకుంటాడు?

ఫైనల్లో బజారు జట్టు ముందు బ్యాటింగ్ చేసింది. దంచడం మొదలుపెట్టారు. నాలుగో ఓవర్లో వంశీ బంతి తీసుకున్నాడు. వాళ్ళలో బాగా కొట్టేవాడు ముందుకు దూకాడు, బంతి తిరిగి బ్యాటును తప్పించుకుంది, సుక్రు అందుకుని వికెట్లు పడగొట్టాడు. అతని కాలు వెనక్కి వచ్చిందో లేదో సుక్రుకే సరిగ్గా తెలీదు. అరవడం మాత్రం గట్టిగా అరిచాడు. స్క్వేర్‌లెగ్‌లో అంపైరుగా ఉన్నది రవికుమారే. ఎలాగూ నాటౌట్ అంటాడని సుక్రు అప్పటికే వెనక్కి తిరిగిపోతున్నాడు.

రవికుమార్ వేలు పైకెత్తాడు.

తన జట్టు మొనగాణ్ణి తనే ఔటిచ్చిన కెప్టెన్‌ను అరకు ఎప్పుడూ చూడలేదు. కుర్రాళ్ళు గంతులేశారు. సుక్రు వెయ్యలేదు. షావుకార్లు ఊరికే ఏదైనా ఇస్తారా? ఇక్కడ ఒకటిచ్చారంటే ఎక్కడో రెండు పుచ్చుకోబోతున్నారు. నిన్న కలిసిన ఆ చేతుల్లో ఉన్నదేదో ఇదే అయ్యుండాలి.

బజారు జట్టు యాభై ఎనిమిది చేసింది, నాలుగు వికెట్లు పోయాయి. పనసగుడవాళ్ళు తమకొచ్చిన పద్ధతిలోనే బయల్దేరారు. నెట్టడం, పరిగెత్తడం. వంశీ బ్యాటింగ్‌కు వచ్చి ఎంతోసేపు నిలవలేదు, ఔటై స్క్వేర్‌లెగ్‌లో అంపైరుగా నిలబడ్డాడు. ఆరు వికెట్లు పోయేసరికి ఆఖరి బంతికి వచ్చింది లెక్క. స్కోరు యాభై ఏడు. కొట్టేవాడు సుక్రు, అవతలి గట్టున బుధు. రెండు తీస్తే కప్పు. ఒకటి తీస్తే సమం, కానీ సమమైతే తక్కువ వికెట్లు పోగొట్టుకున్న జట్టుదే గెలుపని ముందే రాసుకున్నారు. అంటే ఒకటి తీసినా ఓటమే.

బౌలర్ కాళ్ళ మీదికి వేశాడు. సుక్రు బ్యాటు అంచుతో దాన్ని వెనక్కి తిప్పాడు. బంతి ఫైన్‌లెగ్ వైపు దొర్లింది. అక్కడున్నవాడు చాలా దూరంలో ఉన్నాడు.

"రెండు! తల దించుకుని రా!" అని బుధు కేక.

సుక్రు పరిగెత్తాడు. సగం దారి వచ్చాడు. తల దించుకునే ఉన్నాడు, దేవుడి సాక్షిగా. అంతలో వంశీ చెప్పిన మాట గుర్తొచ్చింది. వెనక్కి చూడొద్దన్నాడు. ఎందుకన్నాడు? మెడ దానంతటదే తిరిగింది. బంతి ఇంకా దొర్లుతూనే ఉంది, ఫీల్డరు ఇంకా అందుకోలేదు, బుధు చెప్పినట్టే రెండు ఖాయంగా ఉన్నాయి. ఆ చూడ్డంలో కాలు తడబడి ఒక అంగ పోయింది.

బ్యాటు గీత దాటించి వెనుదిరిగాడు. ఇప్పుడు వెళ్ళాల్సింది కీపర్ ఉన్న గట్టుకే. ఫైన్‌లెగ్ నుంచి బంతి విసురుగా వస్తోంది. సుక్రు దూకాడు. బ్యాటు చాచి నేల మీద జారాడు. ఇదీ ఎండిన మడి నేలే కదా, బ్యాటు కొన ఒక పగులులో తట్టుకుని ఆగిపోయింది. వికెట్లు ఎగిరిన చప్పుడు చెవి పక్కనే వినిపించింది.

నోట్లో దుమ్ము. కళ్ళు తెరిస్తే ముందు సున్నం గీత. గీతకు బ్యాటుకు మధ్య జానెడు నేల. గీత మీద ఆనినా ఔటే, దాటాలి, ఇతను గీతను అందుకోనే లేదు.

ఇప్పుడు జరిగింది బాగా వినండి. దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది, జనం ఇంకా పరిగెత్తుకొస్తున్నారు. సుక్రు చెయ్యి మెల్లిగా ముందుకు కదిలింది. బ్యాటు పగులులోంచి లేచి గీత దాటి అవతల పడింది. కొనకు తెల్లగా సున్నం అంటుకుంది. ఎవరూ చూడలేదు. జీవితమంతా ఇంకొకరి చిటికెన వేలు కాపలా కాసినవాడు, తన వేలు కదలడం తను చూస్తూ ఊరుకున్నాడు.

తల ఎత్తితే వంశీ. వేలు పైకి ఎత్తి ఉంది. ఔట్.

"ఓరి దొంగోడా," అంటూ బుధు వచ్చి వంశీ కాలర్ పట్టుకున్నాడు. "మా అన్న ముందే సెప్పినాడు, నాను ఇన్నేదు. అమ్ముడుపోయినావురా నువ్వు." మిగతావాళ్ళూ చుట్టుముట్టారు. ఒకడు సుక్రు బ్యాటు లాక్కుని పైకెత్తి అందరికీ చూపించాడు. "సున్నం సూడండి. గీత దాటకపోతే సున్నం ఎలగంటుతాది?"

జనంలోంచి కూడా అవునవునని కేకలు. వంశీ కళ్ళజోడు కింద పడింది. అతను సుక్రు వైపు చూశాడంతే. జరిగిందంతా వంశీ చూశాడని సుక్రుకి అప్పుడు తెలిసింది. వికెట్లు పడ్డం చూశాడు, ఆ తర్వాత బ్యాటు కదలడమూ చూశాడు. అయినా సున్నం సంగతి బయటపెట్టడం లేదు.

సుక్రు నోరు మూసుకుంటే చాలు. గొడవ పెద్దదవుతుంది, కప్పు వచ్చినా రావచ్చు, రాకపోయినా వంశీ పీడ విరగడవుతుంది. కావాలనుకున్నది అదే కదా. ఎంత హాయిగా అమరింది అంతా. కానీ ఆ కుర్రాడి మెడ బుధు చేతుల్లో అలా నలుగుతుంటే, సిగ్గుతో సుక్రు ముఖం మండిపోయింది.

"వొగ్గీరా ఆణ్ణి," అన్నాడు.

బుధు వినిపించుకోలేదు. సుక్రు వెళ్ళి తమ్ముడి చెయ్యి విడదీశాడు.

"నాను ఔటు. సున్నం తరవాత అంటింది. నానే జరిపినాను."

రవికుమార్ మెల్లిగా దగ్గరకొచ్చి, కింద పడ్డ కళ్ళజోడు తీసి, చొక్కాతో తుడిచి వంశీకి ఇచ్చాడు.

"నిన్న టీ కొట్టు కాడ ఈడు నాతో ఒక ఒప్పందం సేసుకున్నాడు," అన్నాడు సుక్రుతో. "గీత కాడ ఉన్నది ఉన్నట్టు సెప్దాం, మీరూ సెప్పండి, నానూ సెప్తాను అన్నాడు. నాను ముందు నమ్మనేదు. అయినా మాటిచ్చినాను కదా అని మావోణ్ణి ఔటిచ్చినాను. ఆఖరి బంతికి మాత్రం ఈడు మాట తప్పుతాడనే అనుకున్నాను."

సుక్రు వంశీ వైపు తిరిగాడు. "నాతో ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఒప్పుకుందువేటన్నా?"

ఒప్పుకునేవాడు కాదు. అందులో ఏదో మతలబు ఉందని ఆ రాత్రంతా వెతికేవాడు. ఒప్పందం ఉందని పసిగట్టినవాడు ఒక్క సుక్రే, దాన్ని తప్పుగా పోల్చుకున్నవాడూ సుక్రే. కప్పు బజారు జట్టు పట్టుకుపోయింది. జీపులో వంశీకి చోటివ్వడానికి బుధు లేచి నిలబడ్డాడు, ఘాటీ రోడ్డు ఎక్కి ఊరు చేరేవరకూ అలా నిలబడే వచ్చాడు.

ఆ మర్నాటి నుంచి మడిలో కొత్త సాధన మొదలైంది. సుక్రు తువ్వాలును కళ్ళకు రెండు పక్కలా, గుర్రానికి గంతలు కట్టినట్టు కట్టుకుని పరిగెత్తేవాడు. బుధు గానీ వంశీ గానీ పిలవడం, ఇతను రావడం. మొదట్లో తువ్వాలు లోపల కూడా మెడ తిరగబోయేది. గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. "ఇంట్లో కూర గిన్నె కాడ కూడా అది కట్టుకోరాదా," అనేది నిర్మల.

మరుసటి ఏడు పనసగుడ కప్పు కొట్టిందేమో అనుకుంటున్నారా? మొదటి ఆటలోనే పోయారు. బుధు గీతకు ఇవతల ఉండగా వికెట్లు పడ్డాయి, స్క్వేర్‌లెగ్‌లో ఉన్నది సుక్రు, తమ్ముడి ముఖం చూస్తూనే వేలెత్తాడు. బుధు బ్యాటు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. కానీ ఓడిపోయాక ఇంటికి వెళ్ళనివ్వలేదు వాళ్ళని. తర్వాతి ఆటలవాళ్ళు వచ్చి, మా ఆటకు మీ పనసగుడవాళ్ళే అంపైర్లుగా నిలబడాలని పట్టుబట్టారు. ఫైనల్‌కు కూడా రెండు జట్లూ కోరి పిలిచింది వీళ్ళనే. కొండ మీది నుంచి దిగినవాళ్ళ మాటకు సంత ఊరు మొత్తం తలూపడం సుక్రు పుట్టి ఎరగడు. ఆ సాయంత్రం స్క్వేర్‌లెగ్‌లో నిలబడ్డంతసేపూ అతనికి వెనక్కి చూడాలని అనిపించలేదు.

కాఫీ గోతాలు తీసుకుని లక్ష్మీప్రసాద్ కొట్టుకు వెళ్ళినప్పుడు మాత్రం పాత సుక్రే. ఇప్పుడు తక్కెడలు లేవు, కరెంటు కాటాలొచ్చాయి. షావుకారు గోతం ఎక్కించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బాబూ. ముందు సున్నా కనబడనీ."

లక్ష్మీప్రసాద్‌కు చిర్రెత్తింది. "ఏటిరా సుక్రూ, మా గుంటడు పిలిస్తే కళ్ళు మూసుకుని పరిగెడతావట. నన్ను మాత్రం నమ్మవేటి?"

కొట్టు లోపల మిరియాలు జల్లెడ పడుతున్న వంశీ చెయ్యి ఆగింది.

"మీ గుంటడు సొంత జట్టు ఓడిపోతాదని తెలిసి నన్ను ఔటిచ్చినాడు బాబూ," అన్నాడు సుక్రు నిదానంగా. "నువ్వు ఎప్పుడన్నా, ఒక్కసారన్నా, నీకు నట్టం ఒచ్చీలాగ తూసినావేటి?"

లక్ష్మీప్రసాద్ కొడుకు వైపు చూశాడు. వంశీ తండ్రి వైపే చూస్తున్నాడు. షావుకారు గోతం కిందికి దించి, కాటా మీది దుమ్ము చేత్తో తుడిచి, సున్నా వచ్చేదాకా పక్కన నిలబడ్డాడు.